అద్దె అగ్రిమెంటు: నోటరీ చాలా, రిజిస్ట్రేషన్ కావాలా? గొడవ వచ్చాక ఏ కాగితం ఏం చెబుతుంది

ముందు మీ బీరువాలో ఉన్న అద్దె అగ్రిమెంటు బయటకు తీసి ఎదురుగా పెట్టుకోండి. వంద రూపాయల స్టాంపు కాగితం, వెనకాల స్టాంపు వెండరు రాసిన నంబరు, తేదీ, కొన్నవారి పేరు, చివర్లో నోటరీ గుండ్రటి ముద్ర, ఎర్ర సీలు. చాలామంది ఇళ్లలో ఉండేది ఇదే. దీన్నే "రిజిస్టర్ అగ్రిమెంటు" అనుకునేవాళ్లూ ఉన్నారు, ఎందుకంటే చూడ్డానికి ముద్రలన్నీ ఉంటాయి. సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టర్ అయిన దస్తావేజుకు ఆ ఆఫీసు ఇచ్చిన డాక్యుమెంట్ నంబరు, సంవత్సరం ఉంటాయి. ఇరుపక్షాల ఫొటోలు, వేలిముద్రలు, సబ్‌రిజిస్ట్రార్ సంతకంతో ఎండార్స్‌మెంట్ ఉంటాయి. ఇవి లేకపోతే మీది రిజిస్టర్ అయిన కాగితం కాదు.

ఇందులో మూడు వేర్వేరు విషయాలు కలిసిపోయి ఉన్నాయి. వాటిని విడదీసి చూస్తేనే మిగతాది అర్థమవుతుంది.

మొదటిది స్టాంపు. అది ప్రభుత్వానికి కట్టే పన్ను, అంతే. అద్దె ఒప్పందానికి ఎంత స్టాంపు డ్యూటీ కట్టాలనేది అద్దె మొత్తాన్ని, ఎన్నేళ్లకు ఇస్తున్నారన్నదాన్ని, ఇల్లా దుకాణమా అన్నదాన్ని బట్టి ఉంటుంది. "అగ్రిమెంటు అంటే వంద రూపాయల కాగితం" అనే లెక్క చట్టంలో ఎక్కడా లేదు. రెండోది నోటరీ. 1952 నాటి నోటరీల చట్టం కింద నియమించిన వ్యక్తి "ఫలానా తేదీన ఫలానావాళ్లు నా ముందు సంతకం పెట్టారు" అని ధ్రువీకరిస్తారు, తన రిజిస్టరులో రాసుకుంటారు. మూడోది రిజిస్ట్రేషన్. 1908 నాటి చట్టం ప్రకారం ప్రభుత్వ పుస్తకంలో ఆ దస్తావేజు నకలు ఎక్కుతుంది, ఆ ఆస్తి మీద ఏయే దస్తావేజులు రిజిస్టర్ అయ్యాయో చూపే ఈసీని ఎవరైనా తీస్తే కనిపిస్తుంది. నోటరీ ముద్ర ఎంత ఎర్రగా ఉన్నా ఈ మూడోది దానివల్ల రాదు.

11 నెలల లెక్క మన దగ్గర ఎందుకు చెల్లదు

"11 నెలలకే రాసుకుంటే రిజిస్ట్రేషన్ అక్కర్లేదు" అని డాక్యుమెంట్ రైటర్ల దగ్గర, బ్రోకర్ల దగ్గర తరచూ వింటాం. దీని మూలం రిజిస్ట్రేషన్ చట్టం 17వ సెక్షన్. కేంద్ర చట్టం ప్రకారం ఏడాదికి మించిన లీజు, ఏడాది చొప్పున సాగే లీజు, ఏడాది అద్దె చొప్పున రాసిన లీజు తప్పనిసరిగా రిజిస్టర్ కావాలి. ఏడాదికి లోపు అయితే అక్కర్లేదు. దేశంలో చాలా చోట్ల 11 నెలల అలవాటు ఇలా పుట్టింది.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో ఆ సెక్షన్‌ను సవరించారు. ఆ ఏడాది ఏప్రిల్ 1 నుంచి ఇక్కడ "స్థిరాస్తి లీజులు" అన్నీ, కాలపరిమితి ఎంతైనా, రిజిస్టర్ చేయాల్సిన దస్తావేజుల జాబితాలోకి వచ్చాయి. రాష్ట్రం విడిపోయాక రెండు వైపులా అదే కొనసాగుతోంది. అంటే హైదరాబాద్‌లోనో గుంటూరులోనో 11 నెలలకు రాసుకుని నోటరీ చేయించినా, ఆ కాగితం రిజిస్టర్ కావాల్సి ఉండి కాని కాగితమే. బెంగళూరులో ఉన్న మీ తమ్ముడి 11 నెలల అగ్రిమెంటుకూ మీదానికీ ఈ తేడా ఉంది. ముంబైలోనో పుణేలోనో మనవాళ్లు ఉంటే వాళ్లకు ఇంకో పద్ధతి: మహారాష్ట్ర అద్దె చట్టం ప్రకారం అక్కడ లీవ్ అండ్ లైసెన్స్ ఒప్పందం రాసి రిజిస్టర్ చేయించడం యజమాని బాధ్యత.

రిజిస్టర్ కానంత మాత్రాన అద్దెకు ఉండటం నేరమూ కాదు, మీరు ఆక్రమణదారూ కారు. కాకపోతే ఆ కాగితంతో మీరు ఏం రుజువు చేయగలరు, ఏం చేయలేరు అన్నది మారిపోతుంది.

ఒక దుకాణం కథ

ఒక ఉదాహరణ తీసుకుందాం. గుంటూరులో ఒకాయన దుకాణం అద్దెకు తీసుకున్నారనుకోండి. నెలకు 20,000 అద్దె, మూడేళ్ల కాలం, అడ్వాన్స్ 2 లక్షలు, ఏటా 5 శాతం పెంపు. "మూడేళ్లు పూర్తయ్యేదాకా యజమాని ఖాళీ చేయించరాదు, అద్దెదారు వదిలి వెళ్లరాదు" అని ఒక క్లాజు, దీన్నే లాక్ ఇన్ అంటారు. అన్నీ వంద రూపాయల కాగితం మీద టైపు చేయించి, ఇద్దరూ సంతకాలు పెట్టి, నోటరీ చేయించారు. అద్దెదారు మరో మూడున్నర లక్షలు పెట్టి ర్యాకులు, ఫాల్స్ సీలింగ్, ఏసీ వేయించుకున్నారు.

పద్నాలుగో నెలలో యజమాని "మా అబ్బాయి వస్తున్నాడు, ఖాళీ చేయండి, లేదా 35,000 ఇవ్వండి" అన్నారు. అద్దెదారు మూడేళ్ల క్లాజు చూపించారు. యజమాని లాయరు చేత 15 రోజుల నోటీసు పంపి, గడువు తీరాక ఖాళీ చేయించాలని దావా వేశారు.

కోర్టులో ఆ నోటరీ కాగితం బయటికి రాగానే రెండు అడ్డంకులు వస్తాయి. మొదటిది స్టాంపు. మూడేళ్ల లీజుకు కట్టాల్సిన డ్యూటీ వంద రూపాయలు కాదు. సరిపడా స్టాంపు లేని దస్తావేజును సాక్ష్యంగా తీసుకోవద్దని స్టాంపు చట్టం 35వ సెక్షన్ చెబుతుంది. తక్కువైన డ్యూటీతో పాటు దానికి పదింతలు జరిమానా కడితేనే కాగితం లోపలికి వస్తుంది. తక్కువైంది 5,000 అనుకుంటే జరిమానా 50,000, మొత్తం 55,000. ఇది కట్టకపోతే ఏ చిన్న అవసరానికీ ఆ కాగితాన్ని వాడనివ్వరు. ఎదుటి లాయరు సరిగ్గా కాగితం కోర్టులో దాఖలు చేసే సమయంలోనే అభ్యంతరం చెబుతారు, ఎందుకంటే ఒకసారి సాక్ష్యంగా నమోదైపోయాక స్టాంపు గురించి మళ్లీ ప్రశ్నించడం సాధారణంగా కుదరదు.

డబ్బు కట్టి ఆ అడ్డంకి దాటారనుకుందాం. రెండోది రిజిస్ట్రేషన్. ఇది డబ్బు కడితే పోయేది కాదు. రిజిస్టర్ కావాల్సిన దస్తావేజు రిజిస్టర్ కాకపోతే అందులోని షరతులకు సాక్ష్యంగా పనికిరాదని రిజిస్ట్రేషన్ చట్టం 49వ సెక్షన్ చెబుతుంది. అంటే మూడేళ్ల కాలం, మధ్యలో ఖాళీ చేయించరాదన్న హామీ, 5 శాతం పెంపు, ఇవన్నీ కాగితం మీద ఉన్నా కోర్టు వాటిని అమలు చేయదు. మరి ఆయన ఏ హక్కుతో దుకాణంలో ఉన్నట్టు? లోపలికి అనుమతితో వచ్చారు, ప్రతి నెలా అద్దె కడుతున్నారు, యజమాని తీసుకుంటున్నారు. దీన్నిబట్టి నెలనెలా సాగే అద్దె ఉన్నట్టు చట్టం భావిస్తుంది. 2000లో ఆంథోనీ వర్సెస్ కె.సి. ఇట్టూప్ అండ్ సన్స్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది సరిగ్గా ఇదే: రిజిస్టర్ కాని అయిదేళ్ల లీజు అయిదేళ్ల హక్కును ఇవ్వదు, కానీ స్వాధీనం, అద్దె చెల్లింపు వల్ల నెలవారీ అద్దె సంబంధం ఏర్పడుతుంది.

నెలవారీ అద్దెను ముగించడానికి 15 రోజుల నోటీసు చాలు. ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షన్ అదే అంటుంది. కాబట్టి మన అద్దెదారు మూడేళ్ల మాట కోల్పోయారు. ర్యాకులు, సీలింగ్ ఖర్చు ఆయనే భరించాలి. నోటరీ గారిని సాక్షిగా పిలిపిస్తే "అవును, ఇద్దరూ నా ముందే సంతకం చేశారు" అంటారు. సంతకాలు కావని ఎవరూ అనలేదుగా! గొడవ సంతకం మీద కాదు, షరతు మీద.

ఇదే కథను తిప్పి చూడండి. అయిదో నెలలో అద్దెదారే దుకాణం వదిలి వెళ్లిపోతే, "లాక్ ఇన్ ఉంది, మిగిలిన 31 నెలల అద్దె కట్టు" అని యజమాని అడిగినా అదే గోడ అడ్డొస్తుంది. రిజిస్ట్రేషన్ డబ్బు మిగిలిందని సంతోషించిన యజమాని కూడా అప్పుడు నష్టపోయినట్టే.

అయితే ఆ కాగితం బొత్తిగా పనికిరాదా?

పనికొస్తుంది, కొంతవరకు. 49వ సెక్షన్‌లోనే ఒక మినహాయింపు ఉంది: రిజిస్ట్రేషన్ అవసరం లేని, లీజు షరతులతో సంబంధం లేని పక్క విషయానికి ఆ కాగితాన్ని చూడొచ్చు. అద్దెదారు ఇంట్లోకి ఏ హోదాలో వచ్చారన్నది అలాంటి పక్క విషయం. దీనివల్ల యజమానులకు ఒక పెద్ద టెన్షన్ తీరుతుంది. "పన్నెండేళ్లు ఉంటే ఇల్లు వాళ్లదైపోతుందట" అని భయపడతారు కదా, అద్దెకు వచ్చినవాళ్లు అద్దెకే ఉన్నారని చూపడానికి పాత నోటరీ కాగితం, సరిపడా స్టాంపు ఉంటే, అక్కరకొస్తుంది. అద్దెకు ఉన్న మనిషి అదే హోదాలో ఉంటూ యజమాని హక్కును కాదనలేడు కూడా.

ఈ పక్క విషయం అనే కిటికీ చిన్నది. 2008లో కె.బి. సాహా కేసులో రిజిస్టర్ కాని లీజులోని ఒక క్లాజును ఆధారం చేసుకుని, ఫ్లాట్‌లో కంపెనీ తన ఫలానా అధికారినే ఉంచాలి, మరొకరిని ఉంచడం ఉల్లంఘన అని యజమాని వాదిస్తే, సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. అది లీజులోని ముఖ్యమైన షరతే గానీ పక్క విషయం కాదంది. అద్దె పెంపు, లాక్ ఇన్, "సబ్‌లెట్ చేయరాదు" లాంటి వాటికీ ఇదే ఇబ్బంది ఎదురవుతుంది.

ఇంకో మాట. కాగితం బలహీనంగా ఉన్నా యజమాని తాళం మార్చేయడానికి, కరెంటు కట్ చేయడానికి హక్కు రాదు. కోర్టు ద్వారా కాకుండా మీ స్వాధీనం లాగేసుకుంటే ఆరు నెలల లోపు స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6వ సెక్షన్ కింద దావా వేసి తిరిగి పొందవచ్చు. ఆ దావాలో మీ కాగితం కన్నా మీరు అక్కడ ఉన్నారన్నదే ముఖ్యం. కరెంటు బిల్లులు, గ్యాస్ డెలివరీలు, బ్యాంకులో అద్దె చెల్లింపులు అప్పుడు పనికొస్తాయి.

అడ్వాన్స్ సంగతి కూడా అంతే. రెండు లక్షలు ఇచ్చానని నోటరీ కాగితంలో రాయించుకుని, డబ్బు మాత్రం చేతికిచ్చి ఊరుకోవద్దు. బ్యాంకు నుంచి పంపి, వివరంలో "దుకాణం అడ్వాన్స్" అని రాయండి. అగ్రిమెంటు కోర్టు గుమ్మం దాటకపోయినా ఆ బ్యాంకు ఎంట్రీ దాటుతుంది.

రిజిస్టర్ చేస్తే ఏం దక్కుతుంది, ఏం దక్కదు

పై కథలో అదే దస్తావేజు రిజిస్టర్ అయి ఉంటే, యజమాని 15 రోజుల నోటీసుతో మూడేళ్లను కొట్టేయలేరు. అద్దె కట్టకపోవడం లాంటి షరతు ఉల్లంఘన జరిగి, ఆ కారణంతో లీజు రద్దు చేసుకునే హక్కు దస్తావేజులోనే రాసి ఉంటే తప్ప. దుకాణాన్ని ఇంకెవరికైనా అమ్మినా, కొన్నాయన ఆ లీజుకు లోబడే కొంటారు, ఈసీలో అది కనబడుతుంది కాబట్టి "నాకు తెలియదు" అనడానికి వీలుండదు. "నోటితో ఇలా అనుకున్నాం, కాగితంలో మాత్రం వేరే రాశారు" అని షరతులను మార్చి చెప్పడం కూడా కష్టం. ఫొటో, వేలిముద్ర ఉన్నాయి కాబట్టి "సంతకం నాది కాదు" అనే వాదన చాలావరకు మొదట్లోనే ఆగిపోతుంది. దస్తావేజు పోతే సబ్‌రిజిస్ట్రార్ దగ్గర సర్టిఫైడ్ కాపీ దొరుకుతుంది.

దక్కనివీ ఉన్నాయి. సబ్‌రిజిస్ట్రార్ మీ యజమాని నిజంగా ఇంటి ఓనరేనా అని విచారించి తేల్చరు. మీరు నెలనెలా అద్దె కట్టారా, ఇల్లు అప్పగించేనాటికి గోడలు ఎలా ఉన్నాయి అన్నవి దస్తావేజు చెప్పదు. అందుకే రిజిస్ట్రేషన్‌కు ముందే ఈసీ తీసి చూడాలి, ఇంట్లోకి దిగే రోజు గదిగదికీ ఫోన్‌లో ఫొటోలు తీసి యజమానికి వాట్సాప్ చేయాలి.

రిజిస్టర్ చేయించడం: వరుసగా

ముందు డ్రాఫ్టు. ఆస్తి షెడ్యూల్ సరిగ్గా రాయించండి: ఇంటి నంబరు, అంతస్తు, విస్తీర్ణం, నాలుగు హద్దులు. నోటరీ అగ్రిమెంట్లలో "ఫలానా వీధిలో ఉన్న ఇల్లు" అని వదిలేస్తారు, రిజిస్ట్రేషన్‌కు అది సరిపోదు. అద్దె ఏ తేదీన మొదలై ఏ తేదీన ముగుస్తుందో, అడ్వాన్స్ ఖాళీ చేసిన ఎన్ని రోజుల్లో తిరిగి ఇవ్వాలో, పెయింటింగ్ పేరుతో ఎంత వరకు కోయొచ్చో, ఎవరు ఎన్ని నెలల ముందు నోటీసు ఇవ్వాలో రాయండి. 15 రోజుల నోటీసు అనేది ఒప్పందంలో వేరే మాట లేకపోతేనే వర్తిస్తుంది. మూడు నెలలని రాసి రిజిస్టర్ చేయిస్తే మూడు నెలలే. దస్తావేజు మీద యజమాని, అద్దెదారు ఇద్దరూ సంతకం చేయాలి.

తర్వాత డ్యూటీ, ఫీజుల లెక్క. రేట్లు మారుతుంటాయి కాబట్టి పక్కింటివాళ్లు పోయినేడాది కట్టింది చూసి లెక్కేయకండి. తెలంగాణలో అయితే `registration.telangana.gov.in`, ఆంధ్రలో అయితే `registration.ap.gov.in` చూడండి, లేదా నేరుగా సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో అద్దె, అడ్వాన్స్, కాలపరిమితి చెప్పి అడగండి. ఎవరు కట్టాలన్నది ఒప్పందంలో లేకపోతే, స్టాంపు చట్టం ప్రకారం లీజు డ్యూటీ అద్దెదారు కట్టాలి. సగం సగం అనుకుంటే ఆ మాట దస్తావేజులోనే రాసుకోండి.

ఆపైన ఇల్లు ఏ సబ్‌రిజిస్ట్రార్ పరిధిలో ఉందో చూసుకుని స్లాట్ తీసుకోండి. ఇద్దరి ఆధార్, పాన్, ఫొటోలు, యజమాని హక్కు చూపే దస్తావేజు నకలు, ఇంటి పన్ను రసీదు, చలానా పట్టుకుని ఇద్దరు సాక్షులతో వెళ్లాలి. ఆఫీసును బట్టి ఒకటో రెండో కాగితాలు అదనంగా అడుగుతారు, ముందురోజు ఫోన్ చేసి కనుక్కుంటే రెండుసార్లు తిరగక్కర్లేదు. యజమాని మంచం మీద ఉంటే ఇంటికి వచ్చి రిజిస్టర్ చేసే వీలు కూడా చట్టంలో ఉంది, దానికి వేరే ఫీజు ఉంటుంది.

యజమాని అమెరికాలోనో దుబాయ్‌లోనో ఉన్నారా? అప్పుడు ఆయన తరఫున ఇక్కడ ఎవరికైనా పవర్ ఆఫ్ అటార్నీ ఉండాలి. విచిత్రంగా, ఈ ఒక్కచోట నోటరీ నిజంగా అవసరమవుతారు: విదేశంలో ఉన్న వ్యక్తి ఆ పవర్‌ను అక్కడి నోటరీ ముందో, భారత కాన్సులేట్‌లోనో సంతకం చేసి ధ్రువీకరింపజేయాలి. అది ఇండియాకు చేరాక మూడు నెలల్లోపు ఇక్కడ స్టాంపు వేయించాలి. ఆ పవర్‌లో "అద్దెకు ఇవ్వడానికి, రిజిస్టర్ చేయడానికి" అన్న అధికారం రాసి ఉందో లేదో చదవండి. ఇంటి పన్ను కట్టడానికి మాత్రమే ఇచ్చిన పవర్‌తో లీజు ఇచ్చేవాళ్లూ ఉన్నారు.

గడువు గుర్తుంచుకోండి. సంతకం చేసిన తేదీ నుంచి నాలుగు నెలల్లో దస్తావేజును సబ్‌రిజిస్ట్రార్ ముందు ఉంచాలి. తప్పితే మరో నాలుగు నెలల దాకా, ఆలస్యానికి కారణం చూపి, జరిమానా కట్టి, అనుమతితో చేయించవచ్చు. ఆ జరిమానా రిజిస్ట్రేషన్ ఫీజుకు పదింతల దాకా ఉండొచ్చు.

ఇప్పటికే నోటరీ కాగితంతో ఉంటున్నవాళ్లకు నేను చెప్పేది ఒకటే. గడువు దాటిన పాత కాగితాన్ని బతికించడానికి ప్రయత్నించవద్దు. మిగిలిన కాలానికి కొత్త లీజు రాసుకుని దాన్ని రిజిస్టర్ చేయించండి. అందులో "అడ్వాన్స్ ఇంత మొత్తం ఫలానా తేదీన బ్యాంకు ద్వారా ఇప్పటికే ముట్టింది" అని రాయించండి. పాత తేదీ ఉన్న స్టాంపు కాగితం సంపాదించి వెనక తేదీతో రాద్దామని ఎవరైనా అంటే మాత్రం ఒప్పుకోకండి. ఆ స్టాంపు ఏ రోజు, ఎవరి పేరున అమ్మారన్నది వెండరు రిజిస్టరులో ఉంటుంది, నోటరీ రిజిస్టరులో వరుస నంబర్లు ఉంటాయి. ఎదుటి లాయరు ఆ రెండూ తెప్పించమని అడగడానికి ఒక్క దరఖాస్తు చాలు.

మరి చిన్న ఇంటికి, ఆరు నెలలో ఏడాదో ఉండి వెళ్లిపోయేవాళ్లకు ఇదంతా అవసరమా అంటారా? ఆఫీసులో హెచ్‌ఆర్‌ఏకు చూపడానికి, గ్యాస్ కనెక్షన్‌కు చాలామంది నోటరీ కాగితంతోనే నెట్టుకొస్తున్నారు. పాస్‌పోర్టుకు అడ్రస్ రుజువుగా మాత్రం రిజిస్టర్ అయిన అద్దె ఒప్పందమే అడుగుతారు. అడ్వాన్స్ రెండు నెలల అద్దెకు మించకుండా, అన్నీ బ్యాంకులో జరుగుతూ, 15 రోజుల్లో వెళ్లమన్నా వెళ్లగలిగితే నష్టం తక్కువ. దుకాణం పెడుతున్నా, లోపల లక్షలు ఖర్చు పెడుతున్నా, పిల్లల బడి కోసం మూడేళ్లు కదలకూడదనుకున్నా రిజిస్ట్రేషన్ ఖర్చు ముందే లెక్కలో వేసుకోండి.

దస్తావేజు చేతికొచ్చాక ఒక వారం ఆగి ఆ ఇంటికి ఈసీ తీయండి. అందులో మీ లీజు పడిందా, మీ పేరు, ఇంటి నంబరు, కాలపరిమితి సరిగ్గా ఎక్కాయా చూడండి. తప్పు ఉంటే అప్పుడే సవరణ దస్తావేజు రాయించుకోండి, యజమానితో మాటలు మంచిగా ఉన్నప్పుడే. లీజు ముగిసే తేదీకి రెండు నెలల ముందు ఫోన్‌లో రిమైండర్ పెట్టుకోండి. కాలం అయిపోయాక కొత్త దస్తావేజు రిజిస్టర్ చేయకుండా అలాగే అద్దె కడుతూ ఉండిపోతే, మీరు మళ్లీ 15 రోజుల నోటీసు కిందికే వస్తారు.